కరెంటు లేకుండా ఊట నీటిని కొండెక్కించడం: ఒక చిన్న రామ్ పంపు లెక్క

గుణుపురం నుంచి పర్లాకిమిడి వైపు కొండల్లో చాలా గూడేలు మెరక మీద ఉంటాయి, వాళ్లు తాగే ఊట మాత్రం కింద గెడ్డ ఒడ్డున ఉంటుంది. ఊట పైనుంటే పైపు వేసి నీళ్లు దింపుకోవడమే, దానికి పంపుతో పనిలేదు. ఊట కిందున్నప్పుడే చిక్కు. మోటారుకి కరెంటు లైను గెడ్డ దాకా రాదు. డీజిల్ ఇంజను పెడితే నూనెకి ఎవరు డబ్బులివ్వాలన్న దగ్గర ఆగిపోతుంది.

ఇలాంటి చోట, ఊట కింద ఇంకా కొంత పల్లం ఉంటే, హైడ్రాలిక్ రామ్ పంపు పనికొస్తుంది. ఊట నీటిలో ఎక్కువ భాగాన్ని పల్లానికి పడనిచ్చి, ఆ పడే బలంతో మిగిలిన కొంచెం నీటిని ఎత్తుకు తోసే యంత్రం ఇది. 1772లో ఇంగ్లండులో జాన్ వైట్‌హర్స్ట్ చేసిన మొదటి రూపంలో కుళాయిని మనిషి తిప్పుతూ ఉండాల్సి వచ్చేది. 1796లో ఫ్రాన్సులో జోసెఫ్ మాంట్‌గోల్ఫియర్ (వేడిగాలి బెలూను చేసిన అన్నదమ్ముల్లో ఒకరు) దానంతట అదే కొట్టుకునేలా చేశారు. అప్పట్నుంచి అసలు పద్ధతి మారలేదు. పైపు షాపులో దొరికే సామానుతో, ఒక మంచి ఫిట్టరు ఒకరోజులో బిగించగలడు.

అయినా కట్టినవాటిలో చాలా పంపులు కొన్ని నెలలకే మూలపడతాయి. దాదాపు ప్రతిసారీ తప్పు పంపులో ఉండదు. పల్లం సరిగా కొలవకపోవడంలోనో, పంపు వెనకున్న పైపు ఎంచుకోవడంలోనో ఉంటుంది. అందుకే ఈ వ్యాసం ఎక్కువ సేపు ఆ రెండింటి దగ్గరే ఆగుతుంది.

లోపల జరిగేదేమిటి

ఊట దగ్గరి తొట్టి నుంచి ఒక ఇనప పైపు వాలుగా కిందికి దిగుతుంది. దీన్ని డ్రైవ్ పైపు అంటారు. కింద చివర ఒక టీ, దాని మీద రెండు వాల్వులు. ఒకటి వేస్ట్ వాల్వు. మామూలుగా తెరిచే ఉంటుంది, నీళ్లు దాన్లోంచి బయటికి పోతుంటాయి. రెండోది డెలివరీ వాల్వు. ఇది పైకి మాత్రమే దారి ఇచ్చే ఎన్‌ఆర్‌వీ. దాని పైన గాలి నిండిన ఒక గది, ఆ గది అడుగు నుంచి ఊరికి పోయే సన్నని పైపు.

తెరిచున్న వేస్ట్ వాల్వు గుండా నీళ్లు పోతూ పోతూ వేగం అందుకుంటాయి. ఒక వేగం దాటాక ఆ ప్రవాహమే వాల్వు బిళ్లను పైకెత్తి టక్కున మూసేస్తుంది. పరుగు మీదున్న పైపెడు నీళ్లకి ఒక్కసారిగా దారి లేకుండా పోతుంది. కుళాయి గభాలున కట్టేస్తే గోడలోని పైపు ఠంగుమనే దెబ్బే ఇది. ఆ దెబ్బకి లేచిన పీడనం డెలివరీ వాల్వును తోసుకుని కొంచెం నీటిని గాలిగదిలోకి ఎక్కిస్తుంది. ఊపు తీరగానే పైపులో నీళ్లు ఒక్క క్షణం వెనక్కి జంకుతాయి. ఆ జంకులో పీడనం పడిపోయి, డెలివరీ వాల్వు మూసుకుంటుంది, వేస్ట్ వాల్వు బిళ్ల తన బరువుకి తనే కింద పడి తెరుచుకుంటుంది. మళ్లీ మొదటి నుంచి. నిమిషానికి 40 నుంచి 90 సార్లు.

ఈ వెనక్కి జంకడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పంపు ప్రాణం అక్కడే ఉంది. నాలుగు మీటర్ల పల్లం ఉన్న చోట, మూసుకున్న ఒకటిన్నర అంగుళం వాల్వు బిళ్ల మీద నిలకడ నీటి ఒత్తిడే సుమారు 5 కిలోలు. బిళ్ల బరువు, దాని మీద వేసే నట్ల బరువు కలిపినా కిలో కూడా ఉండదు. కాబట్టి బిళ్ల తన బరువుతో ఆ ఒత్తిడిని గెలిచి తెరుచుకోలేదు. జంకు వచ్చిన ఆ కాస్త సమయంలోనే పడాలి. డ్రైవ్ పైపులో ఎక్కడైనా గాలి చేరినా, పైపు సాగే రకమైనా దెబ్బ మెత్తబడి జంకు బలహీనమవుతుంది, వాల్వు మూసుకునే ఉండిపోతుంది.

కొలతలు: బకెట్టు, నీళ్ల పైపు

ఒక గూడెం అనుకుందాం. 15 ఇళ్లు, 70 మంది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు వేసుకుంటే 3,850 లీటర్లు కావాలి. దీనికి సరిపడా నీళ్లు ఈ ఊట ఇస్తుందా అన్నది మొదటి ప్రశ్న.

ఊట ధారను కొలవాల్సింది మే నెలాఖరులో, తొలకరికి ముందు. వానాకాలంలో కొలిచి కట్టిన పంపు మార్చికల్లా ఆగుతుంది. ధార చుట్టూ మట్టితో చిన్న కట్ట కట్టి, మొత్తం నీరు ఒక పైపు ముక్క గుండానే పడేలా చేసి, కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడాలి. మూడు నాలుగు సార్లు చూసి సగటు తీసుకోవాలి. మన ఊటకి 22 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి 40 లీటర్ల పైచిలుకు. లెక్కకి 40 చాలు.

తర్వాత ఎత్తులు. ఇక్కడ ఫోన్లో చూపించే ఎత్తును నమ్మకూడదు. అది కొన్ని మీటర్లు ఇటూ అటూ తేడా చూపిస్తుంది, మనకున్న పల్లమే నాలుగు మీటర్లు. తాపీమేస్త్రి వాడే పారదర్శక లెవెల్ పైపు దీనికి సరైన సాధనం. ఒకరు పైచోట పైపు కొస పట్టుకుంటారు, ఇంకొకరు కింది చోట కర్రకి ఆనించి నీటిమట్టం ఎక్కడ నిలిచిందో గుర్తు పెడతారు. కర్ర పొడవు చాలనప్పుడు మెట్టుమెట్టుగా దిగుతూ వచ్చిన ఎత్తులన్నీ కూడాలి. పైపులో గాలిబుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా పైపును వేలితో తట్టి చూసుకోవాలి.

మనకి కావలసినవి రెండే ఎత్తులు. ఊట పక్కన కట్టబోయే తొట్టి నీటిమట్టం నుంచి పంపు వేస్ట్ వాల్వు దాకా ఉన్న పల్లం. ఇది 4 మీటర్లు. పంపు నుంచి ఊళ్లోని ట్యాంకు పైభాగం దాకా ఉన్న ఎత్తు. ఇది 30 మీటర్లు. రెండోదాన్ని ఊట నుంచి కాకుండా పంపు నుంచే కొలవాలని మరిచిపోతుంటారు. ఊట నుంచి ట్యాంకు 26 మీటర్లే, కానీ నీళ్లు మొదట నాలుగు మీటర్లు దిగి, ఆ తర్వాత ముప్పై ఎక్కుతాయి.

ఇక లెక్క:

```
q = Q × H × η ÷ h
q = 40 × 4 × 0.55 ÷ 30 = 2.93
```

ఇందులో `Q` డ్రైవ్ పైపులోకి దిగే మొత్తం నీరు, `H` పల్లం, `h` ఎక్కించాల్సిన ఎత్తు, `q` ఊరికి చేరే నీరు. `η` అంటే సామర్థ్యం. పైపు షాపు సామానుతో కట్టిన పంపుకి 0.5 నుంచి 0.6 వేసుకోవడం మర్యాద. నిమిషానికి 2.9 లీటర్లు అంటే చిన్న ధారే. కానీ పంపుకి రాత్రి లేదు, ఆదివారం లేదు. 24 గంటలకి 4,200 లీటర్లు చిల్లర వస్తుంది. 3,850 కావాల్సిన ఊరికి ఇది సరిపోతుంది, మిగులు మాత్రం పెద్దగా లేదు. సామర్థ్యం 0.4కి పడిపోతే 3,000 లీటర్ల దగ్గరే ఆగుతుంది. పొలానికి నీళ్లు పెట్టాలన్న ఆశ ఈ ఊటతో పెట్టుకోకూడదు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. పంపును ఇంకో రెండు మీటర్లు కిందికి దించితే ఏమవుతుంది? పల్లం 6 అవుతుంది, ఎక్కించాల్సిన ఎత్తు 32 అవుతుంది. లెక్క వేస్తే నిమిషానికి 4.1 లీటర్లు, అంటే 40 శాతం ఎక్కువ. ఎత్తు పెరిగినా నీళ్లు పెరిగాయి, ఎందుకంటే పల్లం సగానికి సగం పెరిగింది, ఎత్తు కాస్తే పెరిగింది. కాబట్టి చౌకగా నీళ్లు పెంచే దారి పంపును కిందికి దించడమే. దానికి హద్దు గెడ్డ వరద. ఒడ్డున పొదల్లో చిక్కుకున్న ఎండుకొమ్మలు, చెత్త గీత చూస్తే నిరుడు నీళ్లు ఎక్కడిదాకా లేచాయో తెలుస్తుంది. ఆ గీత కన్నా పైనే పంపు ఉండాలి. మన ఉదాహరణలో పల్లం 4 దగ్గర ఆగింది అందుకే.

ఎత్తు పల్లానికి పది పన్నెండు రెట్లు దాటితే ఇలాంటి పంపు మీద ఆధారపడకూడదు. మనది ఏడున్నర రెట్లు.

పంపు అసలు బలం డ్రైవ్ పైపులోనే

డ్రైవ్ పైపు పొడవు పల్లానికి 3 నుంచి 7 రెట్లు ఉండాలని, పైపు లోపలి వ్యాసానికి 150 నుంచి 1,000 రెట్ల మధ్య ఉండాలని చాలాకాలంగా నడుస్తున్న అనుభవ సూత్రం. నిమిషానికి 40 లీటర్లకి ఒకటిన్నర అంగుళం జీఐ పైపు సరైన సైజు. లోపలి వ్యాసం సుమారు 41 మిల్లీమీటర్లు. జీఐ పైపు 6 మీటర్ల నిడివిలో వస్తుంది కాబట్టి మూడు పైపులు, మధ్యలో రెండు సాకెట్లు, మొత్తం 18 మీటర్లు. పల్లానికి నాలుగున్నర రెట్లు, వ్యాసానికి 440 రెట్లు. రెండు సూత్రాలూ కుదిరాయి, కోతలేమీ అక్కర్లేదు.

పైపు మరీ పొట్టిదైతే అందులో ఊపందుకునే నీళ్ల బరువు చాలదు, బిళ్ల దడదడా కొట్టుకుంటుంది, పైకి వెళ్లేది తక్కువ. మరీ పొడుగైతే రాపిడి తింటుంది, ఒక్కో దెబ్బకి చాలాసేపు పడుతుంది. మన చోట ఊట కన్ను నుంచి పంపు దాకా దూరం 48 మీటర్లనుకుందాం. ఆ మొత్తం దూరం డ్రైవ్ పైపే వేస్తే పల్లానికి 12 రెట్లు అవుతుంది, పనికిరాదు. అందుకే ఊట దగ్గర్నుంచి మొదటి 30 మీటర్లు 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపుతో దాదాపు సమమట్టంగా నీళ్లు తెచ్చి, ఒక తొట్టిలో పడేయాలి. ఇంత లావు పైపులో 40 లీటర్లు నడిస్తే రాపిడికి పోయే ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లే. ఆ తొట్టి నుంచి అసలు డ్రైవ్ పైపు మొదలవుతుంది. తొట్టికి రెండు సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోతుంది, లేదా 200 లీటర్ల డ్రమ్ము. తెరిచున్న నీటిమట్టం ఉండటమే దీని పని: కిందినుంచి వచ్చే పీడన తరంగం ఇక్కడ తగిలి వెనక్కి మళ్లుతుంది, పైపుకి ఇక్కడ మొదలు అన్న గుర్తు దొరుకుతుంది.

డ్రైవ్ పైపు పీవీసీది ఎందుకు కాకూడదన్నది అందరూ అడిగేదే. ధర సగం కూడా ఉండదు, మోసుకెళ్లడం తేలిక. కానీ ఒక చిన్న లెక్క చూడాలి. పీడన తరంగం జీఐ పైపులో సెకనుకి సుమారు 1,300 మీటర్ల వేగంతో నడుస్తుంది, పీవీసీలో సుమారు 400 మీటర్లే, ఎందుకంటే పీవీసీ గోడ దెబ్బకి సాగుతుంది. వాల్వు మూసుకున్నప్పుడు పీడనాన్ని 30 మీటర్ల ఎత్తుకి లేపడానికే నీళ్లు తమ వేగంలో కొంత వదులుకోవాలి. ఎంతన్నది ఎత్తును 9.81తో గుణించి తరంగ వేగంతో భాగిస్తే వస్తుంది. జీఐలో అది సెకనుకి 0.23 మీటర్లు, పీవీసీలో 0.74 మీటర్లు. మన పైపులో వాల్వు మూసుకునేటప్పటికి నీళ్ల వేగం సెకనుకి సుమారు ఒక మీటరు. జీఐలో ముప్పావు వంతు వేగం ఇంకా మిగిలి ఉంటుంది, అది నీళ్లను పైకి తోస్తుంది. పీవీసీలో పావు వంతే మిగులుతుంది. మిగతాది గోడను సాగదీయడానికే అయిపోయింది. ఎత్తు పది మీటర్ల లోపైతే పీవీసీతో ఎలాగో నెట్టుకురావచ్చు. ముప్పైకి మాత్రం జీఐ తప్ప దారి లేదు. పైగా నిమిషానికి 60 దెబ్బలంటే రోజుకి 86 వేల పైచిలుకు. పీవీసీ అతుకులు ఎక్కడో ఒకచోట వదిలేస్తాయి.

పైపు తిన్నగా, ఒకే వాలులో, వంపుల్లేకుండా దిగాలి. మధ్యలో చిన్న ఉబ్బు ఉన్నా అక్కడ గాలి చేరుతుంది. ప్రతి మూడు మీటర్లకి ఒక సిమెంటు దిమ్మ కట్టి, ఇనప పట్టీతో బిగించాలి. పైపు కదిలితే దెబ్బ బలం మట్టిలోకి పోతుంది. తొట్టిలో పైపు నోరు నీటిమట్టానికి కనీసం 30 సెంటీమీటర్లు కింద, అడుగుకి 15 సెంటీమీటర్లు పైన ఉండాలి. పైన తగ్గితే సుడి తిరిగి గాలి లాగుతుంది, కింద తగ్గితే ఇసుక లాగుతుంది. నోటికి జల్లెడ బిగించాలి.

పంపు సామాను

డ్రైవ్ పైపు కింద చివర వరసగా: ఒక గేట్ వాల్వు, ఒక యూనియన్, ఒకటిన్నర అంగుళం జీఐ టీ, నిపుల్, ఎల్బో. టీ పై నోటికి వేస్ట్ వాల్వు, ఎల్బో పై నోటికి డెలివరీ వాల్వు.

వేస్ట్ వాల్వుకి విడిగా ఏమీ కొనక్కర్లేదు. మోటారు సక్షన్ పైపు కొసన వేసే ఇత్తడి ఫుట్ వాల్వునే తలకిందులుగా బిగిస్తే సరి. మామూలుగా నిలబెట్టినప్పుడు దాని బిళ్ల బరువుకి కూర్చుని మూసుకుంటుంది. తలకిందులు చేస్తే బిళ్ల కిందికి జారి తెరుచుకుంటుంది, నీటి ఊపు పైకి నెడితే మూసుకుంటుంది. మనకి కావలసింది అదే. జల్లెడ తీసేయాలి. స్ప్రింగు ఉంటే అదీ తీసేయాలి. బిళ్ల మధ్యలోంచి 8 మిల్లీమీటర్ల పొడుగు బోల్టు పైకి వచ్చేలా బిగించి, వాల్వు పైనున్న కమ్మీ మీద ఆగేలా దానికి రెండు నట్లు వేయాలి. ఆ నట్లను పైకీ కిందికీ జరిపితే బిళ్ల ఎంత కిందికి పడాలో నిర్ణయించుకోవచ్చు; ఒక సెంటీమీటరు దగ్గర మొదలుపెట్టండి. బోల్టు కొసన వేసే వాషర్లు బరువు పెంచడానికి.

డెలివరీ వాల్వుకి ఇత్తడి వర్టికల్ ఎన్‌ఆర్‌వీ, బాణం గుర్తు పైకి. దాని కింద, ఎల్బోకి వాల్వుకి మధ్య నిపుల్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయాలి. ప్రతి దెబ్బకి ఇందులోంచి సన్నని చిమ్ము వస్తుంది. చూసినవాళ్లు లీకనుకుని ఎంసీల్ పెట్టి మూసేస్తుంటారు. అది లీకు కాదు. నీళ్లు వెనక్కి జంకినప్పుడు ఆ రంధ్రం గుండా ఒక గుటకెడు గాలి లోపలికి వస్తుంది, తర్వాతి దెబ్బకి అది గాలిగదిలోకి చేరుతుంది. గదిలోని గాలి నెమ్మదిగా నీళ్లలో కరిగిపోతూ ఉంటుంది కాబట్టి ఈ రోజువారీ భర్తీ లేకపోతే కొన్ని రోజుల్లో గది నీళ్లతో నిండిపోతుంది.

గాలిగది సైజు దగ్గర ఒక మెలిక ఉంది. నిమిషానికి 60 దెబ్బలకి 2.9 లీటర్లంటే ఒక్కో దెబ్బకి సుమారు 50 మిల్లీలీటర్లు పైకెక్కుతుంది. గదిలో గాలి దానికి కనీసం 20 రెట్లు, అంటే ఒక లీటరు ఉండాలి. కానీ 30 మీటర్ల నీటి ఒత్తిడి కింద గాలి నాలుగో వంతుకి నలుగుతుంది. పని చేసేటప్పుడు ఒక లీటరు గాలి కావాలంటే ఖాళీ గది నాలుగు లీటర్లు పట్టాలి. మూడు అంగుళాల జీఐ పైపు 90 సెంటీమీటర్ల ముక్క నాలుగున్నర లీటర్లు పడుతుంది. పైన క్యాపు, కింద రిడ్యూసరు. ఊరికి పోయే పైపు తూము గది అడుగునే, ఎన్‌ఆర్‌వీకి కాస్త పైన ఉండాలి. పైనుంటే నీళ్లకి బదులు గాలి పోతుంది. ఆ తూము పక్కనే ఒక ప్రెషర్ గేజీ, తూము తర్వాత ఇంకో యూనియన్, దాని తర్వాత ఒక బాల్ వాల్వు పెట్టుకోవాలి. గేజీ కొనడానికి వెనకాడకూడదు. పంపు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పేది అదొక్కటే.

ఊరికి పోయే పైపు 25 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ, 6 కేజీ ప్రెషరుది. 180 మీటర్ల దూరానికి రాపిడి నష్టం అర మీటరు లోపే. దారి పొడుగునా ఎక్కుతూనే వెళ్లాలి. మధ్యలో దిగి మళ్లీ ఎక్కితే ఆ మూపురం దగ్గర గాలి పట్టేస్తుంది. ట్యాంకు 3,000 లీటర్లదైతే రాత్రి నీళ్లన్నీ నిలవ ఉంటాయి.

పంపును కాంక్రీటు దిమ్మకి బోల్టులతో బిగించి, వేస్ట్ వాల్వు నుంచి పడే 37 లీటర్లు వెంటనే గెడ్డలోకి పోయేలా కాలవ తీయాలి. గుంటలో నీళ్లు నిలిచి ఆ చిన్న రంధ్రం మునిగితే గాలి పీల్చలేదు. కింద ఆ గెడ్డ నీటితో మళ్లు తడుపుకునేవాళ్లుంటే నీళ్లు అదే గెడ్డలోకి తిరిగొస్తున్నాయని ముందే చూపించడం మంచిది. అక్కడ రాజీ కుదరకపోతే పైపులు కొనకండి.

నడపడం, మొరాయించడం

మొదటిసారి గేట్ వాల్వు తెరవగానే వేస్ట్ వాల్వు ఒకసారి మూసుకుని అలాగే ఉండిపోతుంది. పంపు చెడిపోయిందనుకోవద్దు. పైకి పోయే పైపు ఖాళీగా ఉంది, ఎదురు ఒత్తిడి లేదు, జంకు పుట్టదు. డెలివరీ బాల్ వాల్వు దాదాపు మూసి, వేస్ట్ వాల్వు బోల్టును మడమతో తొక్కి వదులుతూ ఉండాలి. ఇరవై ముప్పై తొక్కుళ్లకి గేజీ 0.7 కేజీ దాకా లేస్తుంది, ఆ పైన పంపు తనంతట తనే కొట్టుకుంటుంది. అప్పుడు బాల్ వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తూ పైపు నిండనివ్వాలి. నిండాక గేజీ ముల్లు 3 కేజీ చుట్టూ ఆడుతూ ఉంటుంది.

తర్వాత సవరింపు. బిళ్ల దూరం, బరువు పెంచితే దెబ్బలు నెమ్మదిస్తాయి, పంపు ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఒక్కో దెబ్బ గట్టిగా ఉంటుంది. తగ్గిస్తే దెబ్బలు వేగమవుతాయి, తక్కువ నీళ్లతో సరిపెట్టుకుంటుంది. సరైన చోటు తొట్టి చెబుతుంది: అందులోంచి నీళ్లు సన్నగా పొర్లుతూ ఉండాలి. బాగా పొర్లుతుంటే ఇంకో వాషరు వేయొచ్చు. మట్టం దిగుతుంటే ఒకటి తీయాలి. మేలో ఊట 28 లీటర్లకి తగ్గిన ఏడాది ఈ పనే చేయాలి. పంపు నిమిషానికి సుమారు రెండు లీటర్లు ఇస్తుంది, ఆగిపోవడం కన్నా అది నయం. సవరించకుండా వదిలేస్తే తొట్టి ఖాళీ అయి డ్రైవ్ పైపులోకి గాలి దూరుతుంది. వేస్ట్ వాల్వు తెరిచే ఉండి, నీళ్లు నీరసంగా కారుతూ కనిపిస్తే కారణం అదే.

వాల్వు మూసుకుని ఆగితే మొదట బిళ్ల కింద ఆకో రాయో ఉందేమో చూడాలి. లేకపోతే అనుమానం ఎన్‌ఆర్‌వీ మీద, లేదా డ్రైవ్ పైపులో చేరిన గాలి మీద. ఎన్‌ఆర్‌వీని తేల్చుకోవడం సులువు. గేట్ వాల్వు కట్టేసి, డెలివరీ బాల్ వాల్వు కూడా కట్టేసి గేజీని చూడండి. ముల్లు నిలిచి ఉంటే ఎన్‌ఆర్‌వీ బాగుంది. దిగిపోతూ ఉండి, ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రంలోంచి నీళ్లు కారుతుంటే దాని సీటు మీద ఇసుక రేణువైనా ఉండాలి, రబ్బరైనా అరిగి ఉండాలి. దెబ్బలు బ్రహ్మాండంగా పడుతూ ఊళ్లోకి నీళ్లు తగ్గాయంటే తొంభై పాళ్లు ఇదే కారణం. ఎక్కించిన నీళ్లలో కొంత ప్రతి దెబ్బకీ వెనక్కి జారుతోంది.

శబ్దం మారడం వేరే సంగతి. బాగున్న పంపు టక్కు టక్కుమంటుంది, ఊరికి పోయే పైపు చేతికి పట్టుకుంటే ధార నిలకడగా తెలుస్తుంది. గాలిగది నీళ్లతో నిండిపోతే సుత్తితో కొట్టినట్టు ఠంగుఠంగుమని మోగుతుంది, పైపు ప్రతి దెబ్బకీ ఎగిరిపడుతుంది, గేజీ ముల్లు పిచ్చిగా ఊగుతుంది. అలాగే నడిపిస్తే మొదట గేజీ పోతుంది, తర్వాత ఎల్బో పగులుతుంది. పంపు ఆపి, డెలివరీ బాల్ వాల్వు కట్టేసి, తూము దగ్గరి యూనియన్ విప్పి గదిలోని నీళ్లన్నీ వదిలేయాలి. రంధ్రంలో సన్నని తీగ దూర్చి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాలి. తరచూ నిండుతుంటే రంధ్రాన్ని రెండు మిల్లీమీటర్లకి పెంచొచ్చు. అంతకన్నా పెద్దది చేస్తే దెబ్బ బలం అందులోంచే పోతుంది.

ఇసుక ఈ కొండ ఊటలకి తప్పని బెడద, ముఖ్యంగా జూన్ నుంచి అక్టోబరు దాకా. తొట్టికి ముందు ఇంకో వర పెట్టి, నీళ్లు దాని పైఅంచు మీదుగా తొట్టిలోకి పడేలా చేస్తే ఇసుక అక్కడే దిగుతుంది, వారానికోసారి తోడేయాలి. వేస్ట్ వాల్వు బిళ్ల రబ్బరు లారీ ట్యూబుతో కోసి పెట్టుకోవచ్చు. రెండు మూడు ముక్కలు, ఒక ఎన్‌ఆర్‌వీ, ఒక పైపు రెంచి ఊళ్లో ఒకరి ఇంట్లో ఉండాలి, ఎందుకంటే వానల్లో గుణుపురం వెళ్లి తెచ్చేలోపు ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం. గెడ్డ పొంగేలా ఉన్న రోజున గేట్ వాల్వు, బాల్ వాల్వు రెండూ కట్టేసి, రెండు యూనియన్ల దగ్గరా పంపును విప్పి ఒడ్డుకి తెచ్చేయడమే మేలు. ఆ వారంలో ఎలాగూ చూరు నీళ్లు ఉంటాయి.